ఆపరేషన్‌కి 60 వేలు: కార్డు గీకాలా, లోన్ తీసుకోవాలా?

వ్యాఖ్యాత: పర్లాకిమిడి నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మా అమ్మ బాత్రూంలో జారి పడిపోనాది. తుంటి ఎముక విరిగిందని వైజాగ్ తీసుకొచ్చినాం. రేపు సాయంత్రానికి 60 వేలు కట్టాలట. నా క్రెడిట్ కార్డులో క్యాష్ లిమిట్ సరిగ్గా 60 వేలుంది. ఏటీఎంలో తీసేద్దామని చూస్తన్నాను. బ్యాంకు యాప్‌లో లోన్ కూడా చూపిస్తంది. ఏది మంచిది సార్?

సలహాదారు: అమ్మగారికి తొందరగా నయమవ్వాలి తమ్ముడూ. ముందొకటి చెప్పండి. ఈ డబ్బు మీరు ఎన్నాళ్లలో తీర్చగలరు?

శ్రోత: నెల జీతం 24 వేలు. అయిదు వేల అయిదొందల దాకా కట్టగలను. వచ్చే నెల చీటీ పాడదామనుకుంటన్నాను గానీ, అది దక్కుతాదో లేదో.

సలహాదారు: దక్కుతుందో లేదో తెలియని చీటీని లెక్కలో పెట్టకండి. కార్డు మీద నగదు తీయడం వస్తువు కొన్నట్టు కాదు. కొన్నదానికి బిల్లు గడువు దాకా వడ్డీ ఉండదు, నగదుకి తీసిన రోజు నుంచే మొదలవుతుంది. చాలా కార్డుల్లో తీసినందుకు రెండున్నర శాతం రుసుము, నెలకి మూడున్నర శాతం వడ్డీ, రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. మీ 60 వేలకి రుసుము 1,500, జీఎస్టీతో 1,770. వడ్డీ, జీఎస్టీ కలిపితే రోజుకి 82 రూపాయలు దాటుతుంది.

శ్రోత: రోజుకి 82 అంటే పెద్దగా అనిపించట్లేదు సార్.

సలహాదారు: అక్కడే మనిషి పడిపోతాడు. ఇరవై రోజుల్లో తీర్చేస్తే మొత్తం ఖర్చు మూడు వేల నాలుగొందలతో పోతుంది, అప్పుడు కార్డు తప్పేం కాదు. మీరు నెలకి 5,444 చొప్పున కడితే తీరడానికి దాదాపు 16 నెలలు. పైన కట్టేది సుమారు 25 వేలు.

శ్రోత: అమ్మో! లోన్ అయితేనో?

సలహాదారు: 16 శాతం వడ్డీ, 12 నెలలనుకుందాం. కిస్తీ అదే 5,444. ఏడాదిలో వడ్డీ సుమారు 5,330. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతమైతే జీఎస్టీతో 1,416. మొత్తం 6,750 లోపే. లోన్ వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, కార్డు వడ్డీ మీద ఉంటుంది. ఒక్క సంగతి, ఆ 1,416 ముందే కోసుకుంటారు. చేతికొచ్చేది 58,584. అందుకే 16 అని రాసినా అసలు భారం 20 శాతం దాటుతుంది. అది కేఎఫ్‌ఎస్ అనే పత్రంలో ఏపీఆర్ అని ఉంటుంది. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వమని అడగండి. వడ్డీ రేటు కాదు, ఆ అంకె చూసి ఒప్పుకోండి. ముందే మూసేస్తే ఎంత కోస్తారో కూడా అందులోనే చూడండి. చీటీ దక్కిననాడు అక్కరకొస్తుంది.

శ్రోత: లోన్ రేపటికి రాకపోతే, సార్? అమ్మని ఆపలేను కదా.

సలహాదారు: ఆపొద్దు. 60 వేలూ హాస్పిటల్‌కేనా?

శ్రోత: 35 వేలు హాస్పిటల్‌కి. 25 వేలు లోపల వేసే రాడ్డు తెచ్చినాయనకి. ఆయన నగదే కావాలంటన్నాడు.

సలహాదారు: అయితే 35 వేలకి ఏటీఎం జోలికి పోకండి. కౌంటర్లో కార్డు గీకే మిషన్ ఉందేమో అడగండి. అక్కడ గీకితే అది కొనుగోలు. రుసుము లేదు, బిల్లు గడువు దాకా వడ్డీ లేదు. గీకినందుకు అదనంగా ఏమైనా వేస్తారేమో ముందే కనుక్కోండి. పాత బాకీ లేకుండా ఉండాలి, గడువులోగా మొత్తం కట్టాలి. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే వడ్డీ గీకిన రోజు నుంచే పడుతుంది.

శ్రోత: పాత బాకీ లేదండి. మరి 25 వేలు?

సలహాదారు: ఇప్పుడే యాప్‌లో లోన్‌కి పెట్టండి. ముందే ఒప్పుకున్న లోన్ అయితే ఆ రోజే పడే వీలుంది. రేపు మధ్యాహ్నానికి పడకపోతేనే ఏటీఎంలో 25 వేలు తీయండి. రుసుము 738, రోజుకి 34. అయిదు రోజుల్లో లోన్ వస్తే 910 రూపాయలతో బయటపడతారు. లోన్ పడిన గంటలోనే 25 వేలు కార్డుకి కట్టేయండి, బిల్లు కోసం ఆగొద్దు. తక్కిన 33,584 కూడా వేరే ఖర్చుకి పోనివ్వకుండా, ఫీజుకి కోసుకున్న 1,416 మీ చేతి నుంచి కలిపి, 35 వేలూ గడువుకి ముందే కార్డుకే కట్టేయండి.

శ్రోత: అంటే కార్డు అడ్డంగా పెట్టి లోన్‌తో తీర్చేయడం.

సలహాదారు: అదే. కిస్తీ తేదీ మాత్రం జీతం పడ్డ రెండో రోజుకి అడగండి. ఒక్క కిస్తీ చెక్కు తిరిగొచ్చినా జరిమానా పడుతుంది.

శ్రోత: జీతం అయిదో తారీకున పడతాదండి. ఏడుకి పెట్టిస్తాను. కౌంటర్ దగ్గరికెళ్లి మిషన్ సంగతి అడుగుతాను.