పీవీ గ్రాఫ్‌లో పని లెక్క: ముందు నిలువు అక్షం ఎక్కడ మొదలైందో చూడండి

అందరికీ నమస్కారం. ఇంటర్ ఫస్టియర్ థర్మోడైనమిక్స్ రివిజన్‌లో ఈరోజు ఒక్క గ్రాఫే తీసుకుందాం, కానీ దాన్ని పూర్తిగా చదువుదాం.

స్క్రీన్ మీద చూడండి. అడ్డంగా ఘనపరిమాణం, లీటర్లలో. నిలువుగా పీడనం, కిలోపాస్కల్స్‌లో. A దగ్గర వాయువు 2 లీటర్లు, పీడనం 300. అక్కడి నుంచి సరళరేఖలో B కి దిగింది. B దగ్గర 5 లీటర్లు, పీడనం 100. ఇందులో వాయువు ఎంత పని చేసింది?

PΔV అని వెంటనే రాసేయకండి. దారంతా పీడనం తగ్గుతూనే ఉంది కదా, మరి ఏ P వేస్తారు? అందుకే గీత కింది భాగాన్ని సన్నటి నిలువు పట్టీలుగా కోస్తాం. ఒక్క పట్టీలో పిస్టన్ జరిగేది చాలా కొంచెం, కాబట్టి అంతవరకూ పీడనం మారలేదనుకోవచ్చు. పట్టీ ఎత్తు పీడనం, వెడల్పు పెరిగిన ఘనపరిమాణం. రెండూ గుణిస్తే ఆ కాస్త కదలికలో జరిగిన పని. పట్టీలన్నీ కూడితే గీత కింద వైశాల్యం.

ఇక్కడ ఆ ఆకారం ట్రెపీజియం. ½ × (300 + 100) × 3 = 600. కిలోపాస్కల్‌ని లీటరుతో గుణిస్తే నేరుగా జౌల్ వస్తుంది, కాబట్టి 600 జౌల్స్. వాయువు వ్యాకోచించింది, పని ధనాత్మకం. కెమిస్ట్రీలో వాయువు మీద జరిగిన పనిని W అంటారు కాబట్టి అక్కడ ఇదే మైనస్ 600 అవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. బొమ్మలో నిలువు అక్షం కింద ఉన్న అంకె చూడండి. అది సున్నా కాదు, 100. దాంతో కంటికి త్రిభుజమే కనిపిస్తుంది. దాని వైశాల్యం ½ × 200 × 3, అంటే 300. సరిగ్గా సగం పోయింది! గీత కింద అంటే సున్నా పీడనం దాకా. బొమ్మలో లేని దీర్ఘచతురస్రం, 100 × 3, మనమే కలుపుకోవాలి.

అదే వాయువుని 100 దగ్గరే ఉంచి మళ్లీ 2 లీటర్లకు నొక్కి, ఆ తర్వాత ఘనపరిమాణం మార్చకుండా A కి తెచ్చామనుకోండి. నొక్కినప్పుడు మైనస్ 300, నిలువు గీత మీద సున్నా. మొత్తం 600 − 300 = 300. ఆ త్రిభుజమే! చక్రీయ ప్రక్రియలో లోపలి వైశాల్యమే చాలు, అక్షం ఎక్కడ మొదలైనా ఇబ్బంది లేదు. సవ్యదిశలో తిరిగింది కాబట్టి ప్లస్.

ఇంకొక్క మాట. వాయువు ఒక్కసారిగా శూన్యంలోకి వ్యాపిస్తే మధ్యలో వాయువంతటికీ ఒకే పీడనం ఉండదు. అప్పుడు గ్రాఫ్ మీద మొదటి చుక్క, చివరి చుక్క మాత్రమే పెట్టగలం. వాటిని గీతతో కలిపి వైశాల్యం కట్టకండి. అక్కడ వాయువు చేసిన పని సున్నా.