ఎంసెట్‌లో సెకన్లలో చేసిన లెక్క బీటెక్‌లో ఎందుకు ఆగిపోతోంది?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇంటర్‌లో పార్షియల్ ఫ్రాక్షన్స్ బిట్ అంటే నాకు సెకన్ల పని. ఇప్పుడు బీటెక్‌లో ఇన్వర్స్ లాప్లాస్ చేస్తుంటే ప్రతి లెక్కా తప్పు పోతోంది. అదే టాపిక్ కదా, ఎందుకిలా?"

తమ్ముడూ, పేరు ఒకటే గానీ నువ్వు చేసిన పని ఒకటి కాదు. ఇంటర్‌లో ఆ లెక్కలో సగం పని ప్రశ్నపత్రమే చేసిపెట్టింది. నువ్వు చేసింది మిగతా సగం. ఆ మొదటి సగం నీ చేతితో ఒక్కసారి కూడా చేయలేదు, అందుకే ఇప్పుడు అక్కడ ఆగిపోతున్నావు. ఒకే ఒక్క లెక్క పట్టుకుని ఇది చూపిస్తాను. స్క్రీన్ మీద చూడండి.

```
10 / ((x+1)(x²+4)) = A/(x+1) + (Bx+C)/(x²+4)
A + B + C = ?
```

ఎంసెట్ అని నోటి అలవాటు కొద్దీ అంటున్నాను, ఇప్పుడు ఈఏపీసెట్. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్స్. తప్పు రాసినా మార్కు పోదు. అక్కడ ఇలాంటి బిట్ వస్తే మన నెల్లూరు హాస్టల్ పిల్లలు ఎలా చేస్తారో చూడండి. రెండు వైపులా x తో గుణించి, x ని చాలా పెద్దది చేసేస్తారు. ఎడమ వైపు సున్నా అయిపోతుంది, కుడి వైపు A+B మిగులుతుంది. అంటే A+B=0, కాబట్టి జవాబు C ఒక్కటే. ఇక x+1 ని వేలితో మూసేసి x=-1 పెడితే A = 10/5 = 2. x=0 పెడితే 10/4 = 2 + C/4, కాబట్టి C=2. ఆప్షన్ రెండు, టిక్. అయిపోయింది.

ఇందులో తప్పు ఏమీ లేదు. ఆ వేలితో మూసే పద్ధతికి హెవిసైడ్ పద్ధతి అని పేరు కూడా ఉంది. ఆలివర్ హెవిసైడ్ అనే ఆయన 1850లో పుట్టిన ఇంగ్లండ్ ఇంజనీరు, టెలిగ్రాఫ్ తీగల్లో కరెంటు ఎలా పోతుందో లెక్కకట్టిన మనిషి. మనం ఎంట్రన్స్ ట్రిక్ అనుకునేది నిజానికి సర్క్యూట్లు చేసేవాళ్ల పనిముట్టు. కాబట్టి షార్ట్‌కట్‌ను తిట్టడానికి నేను ఈ వీడియో చేయడం లేదు.

నేను చూపించాలనుకున్నది ప్రశ్నలోని కుడి వైపు. x²+4 మీద Bx+C ఉండాలని ఎవరు చెప్పారు? ప్రశ్నే చెప్పింది. అచ్చేసి ఇచ్చింది. నువ్వు దాన్ని చదివావు, రాయలేదు. ఎందుకు Bx+C, ఉత్త C ఎందుకు సరిపోదు అనే ప్రశ్న నీకు రావాల్సిన అవసరమే పడలేదు.

ఇప్పుడు బీటెక్‌కి వద్దాం. ఒక ఓమ్ రెసిస్టర్, ఒక హెన్రీ ఇండక్టర్ సిరీస్‌లో ఉన్నాయి. సోర్స్ 5 sin 2t వోల్టులు. మొదట కరెంటు సున్నా, t=0 దగ్గర స్విచ్ వేశాం. కరెంటు ఎంత? లాప్లాస్ చేస్తే సోర్స్ 10/(s²+4) అవుతుంది, దాన్ని s+1 తో భాగించాలి.

```
I(s) = 10 / ((s+1)(s²+4))
```

చూశారా, x బదులు s వచ్చింది, అంతే. అదే లెక్క. కానీ ఈసారి కుడి వైపు ఖాళీగా ఉంది. ఇక్కడ చాలామంది రాసేది ఇది:

```
A/(s+1) + C/(s²+4)
```

హారంలో రెండు ముక్కలు ఉన్నాయి, రెండు అక్షరాలు పెట్టాం అనుకుంటారు. తర్వాత పాత అలవాటే. వేలితో మూస్తే A=2. s=0 పెడితే C=2. లెక్క ఎక్కడా ఇరుక్కోలేదు, చక్కగా జవాబు వచ్చింది: 2e^(-t) + sin 2t. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. తెలియనివి రెండు పెట్టుకుని, రెండు విలువలు వేస్తే ఏదో ఒక జవాబు వస్తుంది. రూపం తప్పయినా వస్తుంది. తప్పని చెప్పడానికి పక్కన నాలుగు ఆప్షన్లు ఉండవు.

ఆ జవాబును సర్క్యూట్‌లో పెట్టి చూడండి. t=0 దగ్గర 2e^(-t) + sin 2t అంటే 2. స్విచ్ వేసిన క్షణంలోనే రెండు ఆంపియర్లు! ఇండక్టర్‌లో కరెంటు అలా ఒక్క దూకు దూకాలంటే అంతులేని వోల్టేజి కావాలి. మన సోర్స్ ఆ క్షణంలో ఇచ్చేది సున్నా వోల్టులు. ఇంకొంచెం ఆగి చూడండి. e^(-t) తగ్గిపోయాక మిగిలేది sin 2t. అంటే ఒక ఆంపియర్ కరెంటు, సోర్స్‌తో అడుగు అడుగు కలిపి నడుస్తోంది. ఇండక్టర్ ఉన్న సర్క్యూట్‌లో కరెంటు వెనకబడాలి కదా? ఈ జవాబు ప్రకారం అక్కడ ఇండక్టర్ లేనట్టే.

ఏసీ సర్క్యూట్ల పాఠంలో దీన్నే ఇంకో దారిలో చేస్తారు. రెసిస్టెన్స్ 1, ఇండక్టర్ రియాక్టెన్స్ 2, కలిపితే ఇంపిడెన్స్ √5, సుమారు 2.24 ఓమ్‌లు. 5 ని దాంతో భాగిస్తే 2.24 ఆంపియర్లు, 63.4 డిగ్రీలు వెనక. మ్యాథ్స్ పేపర్‌లో ఒక ఆంపియర్, సర్క్యూట్స్ పేపర్‌లో 2.24 ఆంపియర్లు. మ్యాథ్స్ నోట్సు ఒక బ్యాగులో, సర్క్యూట్స్ నోట్సు ఇంకో బ్యాగులో ఉంటే ఈ తేడా ఎవరికీ కనిపించదు. పరీక్షలో మాత్రం కనిపిస్తుంది.

మరి ఆ Bs ఎందుకు కావాలి? సూత్రంలా బట్టీ పట్టొద్దు, వెనక్కి కలిపి చూడండి. 2/(s+1) ఉందనుకుందాం. హారాలు ఒకటి చేసినప్పుడు పైన 2(s²+4) వస్తుంది, అందులో 2s² ఉంది. కానీ అసలు లవంలో ఉన్నది ఉత్త 10. s² లేదు. ఆ 2s² ని ఎవరో ఒకరు కొట్టేయాలి. రెండో ముక్క పైన ఉత్త C ఉంటే, C(s+1) లో s² ఎక్కడిది? కొట్టేయలేదు. అక్కడ -2s ఉంటేనే -2s(s+1) లోంచి -2s² వచ్చి దాన్ని తీసేస్తుంది. ఇదీ B అక్కడ ఉండడానికి కారణం.

```
2(s²+4) + (-2s+2)(s+1) = 2s² + 8 - 2s² + 2 = 10
i(t) = 2e^(-t) - 2cos 2t + sin 2t
```

t=0 పెట్టండి: 2 - 2 + 0, సున్నా. తర్వాత మిగిలే -2cos 2t + sin 2t ని కలిపితే √5 sin(2t - 63.4°). రెండు నోట్సులూ కలిశాయి.

ఇంకో మాట. ఇంటర్‌లో మనం x ని పెద్దది చేసి A+B=0 అన్నాం, గుర్తుందా? ఆప్షన్ కోసం వాడి పారేసిన ఆ సున్నాయే ఇక్కడ t=0 దగ్గర కరెంటు. బీటెక్‌లో దానికి ఇనీషియల్ వాల్యూ థీరమ్ అని పేరు. I(s) ని s తో గుణించి s ని పెద్దది చేస్తే మొదటి విలువ వస్తుంది. అప్పుడే ఎందుకు పనిచేస్తోందని అడిగి ఉంటే, ఈ థీరమ్ కొత్తగా అనిపించేది కాదు.

ఇదే లోటు కంట్రోల్ సిస్టమ్స్‌లో ఇంకో వేషంలో వస్తుంది. అక్కడ తరచూ ఎదురయ్యేది 1/(s(s+1)²). ఒకే మూలం రెండుసార్లు వచ్చిన కేసు. వేలితో మూస్తే s మీద 1 వస్తుంది, (s+1)² మీద -1 వస్తుంది. అక్కడితో ఆపేస్తే జవాబు 1 - te^(-t). ఇది t=0 లోనే 1 దగ్గర మొదలై, 0.63 దాకా దిగి, మళ్లీ 1 కి ఎక్కుతుంది. ఇన్‌పుట్ ఇచ్చిన క్షణంలోనే అవుట్‌పుట్ గమ్యానికి చేరిపోయిందట! s+1 ఒక్కటే హారంగా ఉండే ముక్క వదిలేశాం. దాని పైన కూడా -1 ఉంది. అది కలిపితే 1 - e^(-t) - te^(-t), సున్నాలో మొదలై మెల్లగా 1 కి చేరుతుంది. వేలితో మూసే పద్ధతి ఆ మధ్య ముక్కను నేరుగా చూపించదు, ఇది ఆ షార్ట్‌కట్ హద్దు. దాన్ని గుణకాలు పోల్చి గానీ, ఇంకో విలువ వేసి గానీ తెచ్చుకోవాలి.

రూపం సరిగ్గా రాశామా లేదా అని చూసుకోవడానికి ఒక లెక్కుంది. హారం డిగ్రీ ఎంతో, తెలియని అక్షరాలు అన్ని ఉండాలి. రెండు ఉదాహరణల్లోనూ హారం డిగ్రీ 3. లవం డిగ్రీ 2 దాకా పోవచ్చు, అంటే s², s, స్థిరాంకం అని మూడు గుణకాలు. మూడింటిని సరిపెట్టాలంటే మూడు అక్షరాలు కావాలి. నువ్వు రెండే పెట్టావంటే ఎక్కడో ఒకటి మింగేశావు. లవం డిగ్రీ హారంతో సమానమైనా, ఎక్కువైనా ముందు భాగహారం చేయాలి, లేకపోతే ఈ లెక్క కుదరదు.

చివర్లో వాడని విలువ ఒకటి వేసి చూసుకో. మొదటి లెక్కలో మనం -1, 0 వాడాం. 1 వేస్తే అసలు భిన్నం 10/(2×5), అంటే 1. తప్పు రూపంలో 2/2 + 2/5, అంటే 1.4. పది సెకన్లలో దొరికిపోతుంది.

తమ్ముడూ, నీకు కొత్త పుస్తకం అక్కర్లేదు. ఇంటర్ సెకండియర్ తెలుగు అకాడమీ పుస్తకం ఇంట్లో ఉంటే పాక్షిక భిన్నాల చాప్టర్ తియ్యి. విలువలు కనుక్కోవద్దు. ప్రతి భిన్నానికీ కుడి వైపు రూపం ఒక్కటే రాసి, అక్షరాలు లెక్కపెట్టి, తర్వాతి దానికి వెళ్లు. ఒక సాయంత్రం పని. రూపం తడుముకోకుండా వచ్చాక, ఒక అయిదారు పూర్తిగా చేసి వెనక్కి కలిపి చూడు.

ఈ వీడియో చూస్తున్న ఇంటర్ పిల్లలకు కూడా ఒక మాట. మీరు షార్ట్‌కట్ మానక్కర్లేదు, ఎంట్రన్స్‌లో టైమ్ అంత ఉండదు. కానీ ప్రాక్టీస్ బిట్లు చేసేటప్పుడు సమానం గుర్తుకు కుడి వైపున్నదంతా చేత్తో మూసేయండి. రూపం మీరు రాశాక చెయ్యి తీసి పోల్చండి. ఆ తర్వాత వేలు పెట్టి ఎంత వేగంగా చేసుకున్నా మీ ఇష్టం.