గోడ కొలత, డబ్బా మీద అంకె: గదికి రంగు ఎంత కొనాలి

(పర్లాకిమిడిలో ఇల్లు కట్టుకుంటున్నవారికి, రంగు పనివారికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మన పర్లాకిమిడిలో రంగు కొనేది ఇంటాయన, వేసేది పాతపట్నం వైపు నుంచో పక్క వీధి నుంచో వచ్చిన మేస్త్రీ. ఇద్దరూ ఒకే గోడను కొలుస్తారు గానీ లెక్కలు రెండు. మేస్త్రీ కూలీ కోసం కొలుస్తాడు. చాలాచోట్ల తలుపులు, కిటికీలు తీసెయ్యకుండానే కూలీ కట్టించుకుంటారు, ఎందుకంటే వాటి అంచుల దగ్గర బ్రష్ పని ఎక్కువ. అది మీ ఇద్దరి ఒప్పందం, నేను తప్పు పట్టను. కాకపోతే కూలీ కొలత పట్టుకెళ్లి షాపులో రంగు కొనకండి. రంగుకు కావలసింది బ్రష్ తగిలే చోటు ఎంత అన్నది ఒక్కటే.

ఒక గది తీసుకుందాం. పొడవు 11 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 10 అడుగులు. నేల నుంచి శ్లాబు దాకా ఎత్తు 9 అడుగుల 10 అంగుళాలు. కింద 4 అంగుళాల స్కర్టింగ్ టైలు ఉంది, దానికి రంగు వెయ్యం కాబట్టి ఎత్తు 9 అడుగుల 6 అంగుళాలు అయింది. కాలిక్యులేటర్‌లో దీన్ని 9.6 అని కొట్టకూడదు, 9.5 అని కొట్టాలి. ఆరు అంగుళాలంటే అర అడుగు. ఇక్కడ తేడా చిన్నదే. కానీ స్కర్టింగ్ లేని గదిలో 9 అడుగుల 10 అంగుళాలను 9.10 అని కొట్టారనుకోండి, అసలు ఎత్తు 9.83 కాబట్టి దాదాపు ముప్పావు అడుగు గోడ మాయమైపోతుంది. గది చుట్టూ అది 31 చదరపు అడుగులు.

నాలుగు గోడల చుట్టుకొలత 11.5, 10 కలిపి రెట్టింపు చేస్తే 43 అడుగులు. దాన్ని 9.5తో గుణిస్తే 408.5 చదరపు అడుగులు. ఇందులోంచి ఖాళీలు తీసేద్దాం. రెండు తలుపులున్నాయి, ఒకటి వరండాలోకి, ఒకటి లోపలికి. ద్వారబంధం బయటి అంచుల మధ్య 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. స్కర్టింగ్ ఎత్తు 4 అంగుళాలు ముందే తీసేశాం కాబట్టి తలుపుకు 6 అడుగుల 8 అంగుళాలే తియ్యాలి. ఒక్కోటి 20, రెండూ 40. కిటికీ 4 అడుగులకు 4 అడుగులు, 16. మొత్తం తీసివేత 56.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఖాళీ లోపల కూడా గోడ ఉంటుంది. కిటికీ ఫ్రేము గోడలోకి అర అడుగు లోపలుంటే, చుట్టూ ఆ అర అడుగు అంచుకు రంగు వెయ్యాలి. 16 అడుగుల చుట్టుకొలతకు అది 8 చదరపు అడుగులు. అంతకన్నా పెద్దది మన పాత ఇళ్లలో గోడలోనే కట్టే గూడు. తలుపుల్లేని గూడు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు, అడుగు లోతు, లోపల మూడు పలకలు అనుకోండి. దాన్ని కిటికీలా 20 అడుగుల ఖాళీ అని తీసేస్తే పొరపాటు. వెనక గోడ ఎలాగూ ఉంది, కాబట్టి తీసెయ్యడానికేమీ లేదు. లోపలి నాలుగు అంచులు 18 చదరపు అడుగులు, మూడు పలకలకు పైనా కిందా కలిపి 24. అంటే ఆ గూడు 42 అడుగులు కలుపుతుంది. రెండు తలుపులు తీసేసినంతకన్నా ఎక్కువ! మొత్తం 408.5లోంచి 56 తీసి, 8, 42 కలిపితే 402.5. ఇక నుంచి 403 అందాం.

రేకుల ఇంట్లో గోడలు ఒకేలా ఉండవు. ఎత్తు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉన్న గోడకు రెండు ఎత్తుల సగటు తీసుకోండి. త్రికోణంగా పైకెళ్లిన గోడకు, ఆ త్రికోణం కింది వెడల్పును దాని ఎత్తుతో గుణించి సగం చెయ్యండి.

ఇప్పుడు డబ్బా. ఇక్కడే ఎక్కువ డబ్బు పోతుంది. లీటరుకు ఎన్ని చదరపు అడుగులు అన్న అంకె పక్కన, అది ఒక కోటింగ్‌కా రెండు కోటింగులకా అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంటి లోపలి ఎమల్షన్ మీద 140 నుంచి 160, రెండు కోటింగులకు అని ఉందనుకోండి. 403ని 140తో భాగిస్తే 2.88 లీటర్లు, అయిపోయింది. దాన్ని ఒక కోటింగ్ అంకె అనుకొని మళ్లీ రెండుతో గుణిస్తే 5.76 వస్తుంది, 6 లీటర్లు కొని సగం అటక మీద పెట్టాలి. అంకె ఒక కోటింగ్‌కైతేనే కోటింగులతో గుణించాలి. చదరపు మీటర్లలో ఉంటే 10.76తో గుణించుకోండి. 13 చదరపు మీటర్లంటే అదే 140 అడుగులు. పెద్ద అంకె నునుపుగా, రంగు పీల్చని గోడకు వస్తుంది, కాబట్టి చిన్న అంకెతోనే లెక్క కట్టండి.

రోలర్‌లో, బకెట్‌లో మిగిలేదానికి పదో వంతు కలిపితే 3.17 లీటర్లు. షాపులో మెషీన్ మీద రంగు కలిపే బేస్ డబ్బాలు, కలపడానికి చోటు వదిలి, నిండుగా రావు. 4 లీటర్లది అనుకున్న డబ్బాలో 3.6 లీటర్లే ఉండొచ్చు. మన గదికి అది చాలు, తర్వాత మచ్చలు దిద్దడానికి నాలుగైదు వందల మిల్లీలీటర్లు మిగులుతుంది కూడా. ఒకవేళ రెండు డబ్బాలు కావలసి వస్తే ముందే రెండింటినీ ఒక పెద్ద బకెట్‌లో కలిపేయండి. వేర్వేరు రోజుల్లో కలిపిన రంగు గోడ మధ్యలో కలిస్తే వెలుతురులో గీత కనిపిస్తుంది. తప్పనిసరైతే మూలలో ఆపి కొత్త డబ్బా మొదలెట్టండి.

ఈ లీటర్లన్నీ నీళ్లు కలపని చిక్కటి రంగువి. డబ్బా మీద చెప్పినదానికన్నా నీళ్లు ఎక్కువ పోస్తే గోడంతా పారుతుంది, కానీ కింది మచ్చ కప్పదు, మూడో కోటింగ్ వెయ్యాల్సి వస్తుంది. ముదురు ఆకుపచ్చ మీద పసుపు, ఎరుపు వేసేవారికైతే నీళ్లు సరిగ్గా కలిపినా మూడోది పడొచ్చు, ఆ రంగులకు కప్పే గుణం తక్కువ. ఒక్కో కోటింగ్‌కు 1.44 లీటర్లు, కాబట్టి మూడింటికి 4.32, పదో వంతుతో 4.75. ఇది షాపుకు వెళ్లేముందే తేల్చుకోవాలి.

లెక్క తప్పుతోందని మొదటి గోడ మీదే తెలుస్తుంది. ఖాళీలు లేని పొడుగు గోడ 109 అడుగులు. రెండు కోటింగులకు 140 అంటే ఒక కోటింగ్‌కు లీటరు 280 అడుగులు, కాబట్టి చిక్కటి రంగు సుమారు 390 మిల్లీలీటర్లు పట్టాలి. మగ్గుతో కొలిచి, విడిగా నీళ్లు కలిపి వెయ్యండి. అర లీటరు దాటిందంటే గోడ పీలుస్తోంది. గోడ మీద నీటి చుక్క వేస్తే వెంటనే ఇంకిపోతుందా చూడండి, అప్పుడు పుట్టీ మీద ప్రైమర్ సరిగ్గా పడలేదు. వేలితో రుద్దితే తెల్లటి పొడి వస్తే పాత సున్నం ఇంకా ఉంది. దాన్ని గీకి, కడిగి, ఆరాక ప్రైమర్ వెయ్యకపోతే ఎన్ని లీటర్లు కొన్నా పొట్టు రాలుతుంది. ప్రైమర్‌కు కూడా ఇదే 403ని దాని డబ్బా మీది అంకెతో భాగించండి. ఎమల్షన్ అంకెను దానికి వాడకండి. పైకప్పు ఈ గదిలో 115 అడుగులు, అది సాధారణంగా తెల్లరంగు కాబట్టి విడిగా కట్టుకోవాలి.