సెషన్ మధ్యలో ఆలోచన ఆగిపోయినప్పుడు: ఎంబీటీలో ఆ కొన్ని నిమిషాలు

చిత్తూరు నుంచి ఒక కౌన్సెలర్ గారు అడిగారు: "మేడమ్, బోర్డర్‌లైన్ లక్షణాలుండే ఒకమ్మాయితో పని చేస్తా ఉండాను. సెషన్ బాగానే పోతా ఉంటాది. ఉన్నట్టుండి 'మీక్కూడా నేనంటే విసుగే' అనేస్తాది. ఆపైన నేనేం చెప్పినా ఎక్కదు. అప్పుడేం చేయాల?"

నమస్కారం సార్. ముందు చెప్పడం ఆపేయాలి. మీ మాటలు మంచివే అయ్యుంటాయి, కానీ వాటిని అందుకునే శక్తి ఆ నిమిషంలో ఆ అమ్మాయి దగ్గర లేదు. అది తిరిగొచ్చేదాకా వేరే పని ఏదీ జరగదు. ఎలా తిరిగొస్తుందో ఒక కేసు పెట్టుకుని చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, పలువురివి కలిపి నేను అల్లింది.

అమ్మాయికి 24 ఏళ్లు. పుత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో ఉద్యోగం, ఉండేది లేడీస్ హాస్టల్లో. ప్రాణస్నేహం అనుకున్నది ఒక్క సాయంత్రంలో తెగిపోతుంది, ఆ రాత్రి చేతి మీద కోసుకుంటుంది, పొద్దున్నే క్షమాపణలు. బోర్డర్‌లైన్ లక్షణాలంటే ఇలాంటివే. వారానికోసారి యాభై నిమిషాలు థెరపిస్టు దగ్గర, దాంతోపాటు ఒక గ్రూపు సెషన్. ఎంబీటీ, అంటే మెంటలైజేషన్ ఆధారిత థెరపీ, మామూలుగా ఇలాగే నడుస్తుంది, ఏడాది, ఏడాదిన్నర. మెంటలైజేషన్ అంటే పెద్ద విషయమేం కాదు. మనిషి చేసిన పని వెనకాల ఒక మనసు ఉందని, ఆ మనసులో ఏముందో మనం ఊహించగలమే తప్ప కచ్చితంగా చెప్పలేమని గుర్తుంచుకుని ఆలోచించడం. ఎదుటివాళ్ల విషయంలోనూ, మన విషయంలోనూ.

ఆ రోజు ఆ అమ్మాయి రూమ్మేట్ సంగతి చెప్తోంది. శనివారం ఇద్దరూ కలిసి అలిపిరి నుంచి కొండకు నడిచి పోదామనుకున్నారు. రూమ్మేట్ ఇంకో ఇద్దరితో ముందే వెళ్లిపోయింది. "నాకు మండింది మేడమ్. కానీ వాళ్లక్క వచ్చుంటాదేమో, నాకు చెప్పేదానికి టైమ్ లేకపోయిందేమో." చూడండి, ఎంత బాగా ఆలోచిస్తోందో. కోపమూ ఉంది, ఎదుటి మనిషికి ఒక కారణం ఉండొచ్చన్న అనుమానమూ ఉంది. ఇంకో రెండు మాటలయ్యాక థెరపిస్టు గోడ గడియారం వైపు చూసింది. అరక్షణం.

"టైమ్ చూస్తా ఉండారు. ఇది ఎప్పుడు పోతాదా అని. నాకు తెలుసు మేడమ్. అందరూ అంతే." బ్యాగు ఒళ్లోకి వచ్చేసింది.

నిమిషం కిందటి 'ఏమో'లు మాయం. వాటి చోట 'నాకు తెలుసు', 'అందరూ' వచ్చాయి. మాట వేగం పెరిగింది. దీన్ని సైకిక్ ఈక్వివలెన్స్ అంటారు: మనసులో తోచిందే బయటి నిజం. విసుక్కుంటున్నారేమో అన్న అనుమానం కాదది, విసుక్కుంటున్నారు అంతే. భావోద్వేగం ఒక హద్దు దాటగానే నిదానంగా, తూకం వేసి ఆలోచించే పద్ధతి పక్కకు తప్పుకుని, తక్షణం తేల్చేసే పద్ధతి ముందుకొస్తుంది. అందరికీ జరిగేదే. బోర్డర్‌లైన్ లక్షణాలున్న వాళ్లలో ఆ హద్దు తొందరగా వస్తుంది, వెనక్కి రావడానికి ఎక్కువసేపు పడుతుంది. దగ్గరైన మనిషి ముందే ఎక్కువ వస్తుంది. కాబట్టి సార్, మీ ముందు అలా అవుతోందంటే మీరు ఆమెకు లెక్కలేని మనిషి కాదు.

ఇక్కడ మనం చేసే పనులు మూడున్నాయి, మూడూ మంట పెంచేవే. ఒకటి, "అబ్బే, లేదమ్మా, నాకేం విసుగు లేదు" అనడం. ఆమెకు అది కంటికి కనిపిస్తున్న నిజం. కాదంటే అబద్ధమాడుతున్నారని అర్థం. రెండు, "ఇది మీ అమ్మ మీద కోపం, నా మీద చూపిస్తున్నావు" అనడం. చదువుకున్న మనకు ఇది భలే మోజు. అది సరైనదే కావచ్చు, అప్పుడు మాత్రం కాదు. మూడోది పైకి మంచి ప్రశ్నలా ఉంటుంది: "అలా ఎందుకనిపించింది? ఆలోచించు." ఆలోచించే శక్తే పోయిన మనిషిని ఆలోచించమంటున్నాం.

ఆ థెరపిస్టు ఏం చేసిందంటే, చెయ్యి కొంచెం పైకెత్తింది. "ఒక్క నిమిషం ఆగుదామమ్మా. ఇప్పుడేదో అయింది. నేను గడియారం చూశాను, నిజమే." అంతే, ఆపేసింది. కాసేపటికి: "మనసులో మాట చెప్తా ఉంటే నేను అటు చూసినాను. అది కష్టంగానే ఉంటాది."

గమనించారా, విసుగు ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. తన వైపు నుంచి జరిగింది ఒప్పుకుంది, అది ఆమెకెలా తగిలిందో ఒప్పుకుంది. వాక్యాలు చిన్నవి. వేడి ఎక్కువ ఉన్నప్పుడు వాక్యం పొడవు తగ్గాలి, ప్రశ్నలు తగ్గాలి.

"మరి? చూడకుండా ఉండాల్సింది" అంది అమ్మాయి. గొంతు ఇంకా గట్టిగానే ఉంది, కానీ ఇది 'అందరూ అంతే' కాదు. ఒక్క పని మీద ఒక్క ఫిర్యాదు. ఇక్కడ థెరపిస్టు తన మనసు బయట పెట్టింది: "నా లోపల ఏముండిందో చెప్తాను, నమ్మాలనేం లేదు. ఈ విషయం పెద్దది, మిగిలిన టైమ్ సరిపోతాదా అని కంగారు పడినాను. అది నోటితో అనకుండా చూపుతో చేసినాను. నీకెట్ల తెలుస్తాది?"

బ్యాగు ఒళ్లోనే ఉంది కానీ జిప్పు మీద చెయ్యి తీసేసింది. ఇక వెనక్కి తిప్పే పని. "నేను చూడక ముందు ఏం చెప్తా ఉన్నావు? అక్కడికి పోదాం." అమ్మాయి కాసేపు వెతుక్కుంది. "అదే... నేనే ఎక్కువ వాగతానేమో, అందుకే తప్పించుకుని పోయిందేమో అన్నాను."

మంట అంటుకున్నది గడియారం దగ్గర కాదు, దానికి అర నిమిషం ముందు. తను ఎదుటివాళ్లకు బరువేమో అన్న సిగ్గు నోటి నుంచి బయటపడిన క్షణం. ఆ వెంటనే ఆ చూపు పడింది. వెనక్కి తిప్పకుండా 'గడియారం గొడవ' సర్దేసి ముందుకెళ్లి ఉంటే ఇది దొరికేది కాదు. అందుకే ఎంబీటీలో ఆపు, వెనక్కి తిప్పు, వెతుకు అన్న వరుస మీద అంత పట్టు.

ఆఖర్లో థెరపిస్టు ఒకే ప్రశ్న వేసింది: "శనివారం కూడా ఇట్లనే అయ్యుంటాదా?" "ఏమో మేడమ్. దాన్ని నేను అడగనే లేదు. చూడంగానే తిట్టేసినాను." 'ఏమో' తిరిగొచ్చింది. ఆలోచన తిరిగొచ్చిందనడానికి నేను చూసే గుర్తు ఇదే. ఒక్కోసారి తన మీద తనే వేసుకునే చిన్న జోకు కూడా.

ఇప్పుడు ఎపిస్టెమిక్ ట్రస్ట్. ఎదుటి మనిషి చెప్పేది నిజం, నాకు పనికొచ్చేది, ఈ గది బయట కూడా వాడుకోదగింది అని లోపలికి తీసుకోగలగడం. తిరుపతి స్టేషన్ బయటికొచ్చే యాత్రికుణ్ణి తలచుకోండి. "రూమ్ కావాలా సార్, దర్శనం టికెట్ కావాలా సార్" అన్న మాటలకు ఒకసారి మోసపోయాడు. తర్వాత నిజమైన దారి చెప్పేవాణ్ణి కూడా నమ్మడు. అలసిపోయి, తీయగా పలకరించిన ఇంకో దళారీ వెంట మళ్లీ వెళ్లిపోతాడు. ఎవర్నీ నమ్మకపోవడం, ఎవర్నిపడితే వాళ్లను నమ్మేయడం, రెండూ ఒకే మనిషిలో. బోర్డర్‌లైన్ లక్షణాల్లో మనం చూసేది ఇదే. చిన్నప్పుడు నమ్మినచోటే దెబ్బ తిన్న మనిషికి ఆ అనుమానం రోగం కాదు, బతకడానికి నేర్చుకున్న జాగ్రత్త.

ఆ నమ్మకం ఎలా తెరుచుకుంటుంది? పసిపిల్లల మీద హంగరీ పరిశోధకులు గెర్గెలీ, చిబ్రా చేసిన పని ఇక్కడ పనికొచ్చింది. పెద్దవాళ్లు కళ్లలోకి చూసి, పేరు పెట్టి పిలిచి, గొంతు మార్చి మాట్లాడితే, ఇది నాకోసమే చెప్తున్నారని బిడ్డ గ్రహించి నేర్చుకుంటుంది. పెద్దయ్యాక ఆ సంకేతం ఏమిటంటే, నేను నన్నెలా చూసుకుంటున్నానో ఈ మనిషి అలాగే పట్టుకున్నారు అన్న అనుభవం. "అది కష్టంగానే ఉంటాది" అన్న చిన్న మాట చేసిన పని అదే. ఆ తర్వాతే థెరపిస్టు చెప్పింది లోపలికి వెళ్లింది.

ఎంబీటీని రూపొందించిన లండన్ వాళ్లు బేట్‌మన్, ఫోనగీ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్తారు. మార్పంతా గదిలో జరగదు. గదిలో తెరుచుకున్న నమ్మకంతో ఆ మనిషి బయట, రూమ్మేట్ దగ్గర, పనిచోట కొత్తగా నేర్చుకోవడం మొదలుపెడితే అది నిలుస్తుంది. దీనికో షరతు ఉంది. హాస్టల్లో చెప్పిన ప్రతి మాటా ఇంటికి చేరుతుంటే అక్కడ అనుమానమే తెలివి. అందర్నీ నమ్మమని నేర్పితే మనమే గోతిలోకి తోసినట్టు.

ఫలితాల గురించి: 1999లో వెలువడిన బేట్‌మన్, ఫోనగీల మొదటి ట్రయల్‌లో 38 మందే. ట్రయల్లో చేరిన ఎనిమిదేళ్లకు వాళ్లను మళ్లీ చూసి 2008లో వెలువరించిన లెక్కల్లో, ఎంబీటీ తీసుకున్న వాళ్లలో 13 శాతానికి మాత్రమే ఇంకా బోర్డర్‌లైన్ డయాగ్నోసిస్ ఉంది, మామూలు చికిత్స వాళ్లలో 87 శాతానికి. కానీ ఉద్యోగం, జీవనం విషయంలో చాలామంది ఇంకా ఇబ్బందుల్లోనే ఉన్నారు. ఎపిస్టెమిక్ ట్రస్ట్ ఆలోచన ఆ ట్రయల్ కంటే బాగా తర్వాతది. అందుకే ఆ అంకెల్ని దానికి రుజువుగా చూపకండి.

ఆలోచన ఆగిపోవడంలో ఇంకో రెండు రూపాలు త్వరగా చెప్పేస్తాను. ఒకటి, అమ్మాయి ప్రశాంతంగా "నాది అబాండన్మెంట్ ఇష్యూ మేడమ్, అందరూ వదిలేస్తారన్న భయం" అని అరగంట చక్కగా విశ్లేషిస్తుంది, మొహంలో ఏ కదలికా ఉండదు, వారం తర్వాత ఏదీ మారదు. ఇది ప్రిటెండ్ మోడ్: మాటలకీ లోపలి అనుభవానికీ ముడి ఉండదు. ఇక్కడ చల్లార్చకూడదు, కొంచెం వేడి పుట్టించాలి: "ఇదంతా చెప్తుంటే ఇప్పుడు లోపల ఏమవుతోంది?" చాలామంది దీన్ని మంచి సెషన్ అనుకుని సంతోషపడతారు. రెండోది, "రాత్రి పన్నెండుకు ఫోన్ ఎత్తితేనే నమ్ముతాను" అనడం. మాట చాలదు, చేసి చూపించాలి. దానికి లొంగితే రేపు ఇంకోటి అడుగుతుంది. కసిరినా పని కాదు. ఆ ఫోన్ ఎత్తకపోతే తనకేమవుతుందో దాన్ని ముందు పట్టుకోవాలి.

అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి లేచి వెళ్లిపోతుంది సార్. తలుపుకి అడ్డం నిలబడకండి. "వెళ్లాలనిపిస్తే వెళ్లమ్మా. సాయంత్రం ఆరుకు నేను ఫోన్ చేస్తాను" అని ఒక్కమాట, ఆరుకు తప్పకుండా ఫోన్. ఆ ఫోన్‌లో ఏమైందని తవ్వకండి. కోసుకోవాలనిపిస్తోందా, చనిపోవాలనిపిస్తోందా, పక్కన ఎవరున్నారు, ఇవి నేరుగా అడగండి. అలాంటి రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో మొదటి వారాల్లోనే ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకుని ఉండాలి. అందులో టెలి మానస్ 14416 కూడా ఉండాలి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం కనిపిస్తే మాత్రం ఫోన్‌తో సరిపెట్టకుండా ఆస్పత్రి ఎమర్జెన్సీకి పంపండి. గడియారం సంగతి తర్వాతి వారం, మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నాక ఎత్తుకోవచ్చు.