మాఘమాసంలో కొత్త అసిస్టెంట్: ఏ పని ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు

యాంకర్: నమస్కారం. మాఘమాసం వచ్చిందంటే భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఒకే రాత్రి ఎన్నో పెళ్లిళ్లు. మేకప్ వాళ్లు ఆ నెలకి బయటి అసిస్టెంట్లను పిలుచుకోక తప్పదు. ఈ రోజు మనతో భీమవరం నుంచి ఒక బ్రైడల్ మేకప్ ఆర్టిస్ట్, సీజన్‌లో అసిస్టెంట్‌గా వెళ్లే అమలాపురం హెయిర్ స్టైలిస్ట్ ఉన్నారు. మేడమ్, మీకు మొదట ఎక్కడ దెబ్బ తగిలింది?

ఆర్టిస్ట్: పౌడర్ దగ్గరండి. ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నాను. పాలకొల్లులో ఫౌండేషన్ వరకూ నేనే వేసి, మిగతాది కొత్తమ్మాయికి అప్పజెప్పి రెండో పెళ్లికి పరుగెత్తాను. ఆమె తన బాక్సులో ఉన్న సిలికా పౌడర్ కళ్ల కింద దట్టంగా అద్దింది. అద్దంలో చక్కగానే ఉంది. ఫ్లాష్ పడ్డ ప్రతి ఫొటోలోనూ కళ్ల కింద తెల్లగా సున్నం పూసినట్టు వచ్చింది. ఆల్బమ్ చూసి పెళ్లికూతురి అమ్మగారు ఫోన్ చేస్తే నాకు నోట మాట రాలేదు. ఆ పిల్లని అనడానికి లేదు. ఏది వాడాలో నేను చెప్పి వెళ్లలేదు.

యాంకర్: తర్వాత ఏం మార్చారు?

ఆర్టిస్ట్: ముఖం మొత్తం నేనే వేస్తాను. జడ, చీర, నగలు, టచప్ అసిస్టెంట్లవి. ఒక్కో పెళ్లికూతురికి ఒక్కో పౌచ్ కడతాను. ఆమెకి వాడిన లిప్‌స్టిక్, పౌడర్, టిష్యూలు, ట్రయల్ రోజు తీసిన ఫొటో అందులో ఉంటాయి. పౌచ్ దాటి ఏదీ ముఖానికి తగలకూడదు. గది లైట్లు తగ్గించి, ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూశాకే పెళ్లికూతురు బయటికి వస్తుంది.

స్టైలిస్ట్: టచప్ కూడా చేసి చూపించాలక్కా. హోమం వేడికి చెమట పడుతుంది. తడి మీదే పౌడర్ వేస్తే అట్టకడుతుంది. ముందు టిష్యూ ఒత్తి, తడి లాగేశాక పల్చగా అద్దాలి. రుద్దితే కింద ఫౌండేషన్ లేచిపోతుంది.

యాంకర్: మీకు కష్టమైంది ఏది?

స్టైలిస్ట్: మధుపర్కం మార్పు. పట్టుచీరకి ముందు రోజే కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసి, క్లిప్పులు పెట్టుకుంటాం. మధుపర్కం మాత్రం ఇంటివాళ్ల దగ్గర ఉంటుంది. సరిగ్గా మార్చే వేళకి మడత విప్పని చీర చేతికిస్తారు. బయట పంతులుగారు పిలుస్తూ ఉంటారు, ఇక్కడ పూలజడ బరువుకి సవరం జారుతూ ఉంటుంది. ఆ టెన్షన్‌లో కొత్తవాళ్లకి చేతులు ఆడవు. అందుకే మధుపర్కం ముందు రోజే అడిగి తెప్పించుకోవాలి. జడ కట్టాక పెళ్లికూతుర్ని ఒకసారి తల వంచమనాలి. జడ కదిలితే పిన్నులు చాలలేదన్నమాట.

ఆర్టిస్ట్: అందుకే అసిస్టెంట్‌తో డబ్బు మాట్లాడేటప్పుడే మధుపర్కం మార్చేవరకూ ఉండాలని చెప్పేస్తాను.

యాంకర్: మరి ఎక్కువమంది అసిస్టెంట్లు దొరికితే, అదే ముహూర్తానికి మూడో పెళ్లి ఒప్పుకోవచ్చా?

ఆర్టిస్ట్: నేను ఒప్పుకోను. ఒక ముఖానికి నాకు గంటన్నర పడుతుంది. రెండు ముఖాలు, మధ్యలో ప్రయాణం కలిపితేనే సాయంత్రమంతా అయిపోతుంది. జడలకి పదిమంది దొరికినా ముఖం వేసేది నేనొక్కదాన్నే కదండీ.