మొసలి నోట్లో పిల్లలు: మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ రివ్యూ

నమస్తే అండి. కావలి నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి రివ్యూ చెన్నై అవతల మొసళ్లను పెంచి కాపాడే మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ గురించి. టికెట్టు, పార్కింగు, క్యాంటీను సంగతులు ఈ వీడియోలో చెప్పను. అక్కడ నిలబడితే ఏం చూడాలో చెబుతాను, ఎందుకంటే అది తెలియకుండా వెళ్లినవాళ్లు పది నిమిషాల్లో "ఏముంది, కదలకుండా పడుకున్నాయి" అని వెనక్కి తిరుగుతున్నారు.

మేం వెళ్లడానికి కారణం ఒక వాట్సాప్ క్లిప్. పెద్ద మొసలి ఒకటి, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లను నోట్లోకి తీసుకుని దవడ మూస్తుంది. అక్కడితో క్లిప్ అయిపోతుంది. కింద "కన్నపిల్లల్నే తినే తల్లి" అని రాసి పెట్టారు. మా అత్తమ్మ అది చూసి రెండు రోజులు అదే తలుచుకున్నారు. మూడో రోజు వంటింట్లో ఉండగా వచ్చి, "పిల్లి కూడా పిల్లల్ని నోటితోనే కదమ్మా మోస్తుంది, ఇదీ అంతేనేమో" అన్నారు. ఆ ప్రశ్న పట్టుకునే ఇద్దరం బయల్దేరాం. తెల్లవారుజామున మూడున్నరకి కావలి దాటితే నాయుడుపేట దగ్గర తెల్లారింది. చెన్నై ట్రాఫిక్ దాటుకుని, మహాబలిపురం వెళ్లే ఈసీఆర్ రోడ్డు మీద ఇంకో 40 కిలోమీటర్లు పోతే, సముద్రం పక్కనే ఉంటుంది. 1976లో రోములస్ విటేకర్, జై విటేకర్ మొదలుపెట్టిన చోటు ఇది.

ముందు మగ్గర్ల మడుగు దగ్గర నిలబడండి. మగ్గర్ అంటే మన మంచినీటి మొసలి. ప్రకాశం జిల్లా పడమటి వైపు నల్లమల దాటితే వచ్చే నాగార్జునసాగర్, శ్రీశైలం నీళ్లలో ఉండేది కూడా ఇదే. నీళ్లలో ఉన్నదాన్ని వెతకండి. మొదట ఏమీ కనబడదు. తర్వాత రెండు కళ్లు, ముందు వైపు రెండు ముక్కు రంధ్రాలు మాత్రం నీటి పైన తేలుతూ కనబడతాయి. మిగతా ఒళ్లంతా కింద ఉంటుంది. తల అంత చదునుగా ఉండబట్టే అలా దాక్కోగలుగుతోంది. ఈ చదును తల అన్న మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ పని పడుతుంది.

మొసలి వేటలో ఎక్కువ భాగం ఇలా ఎదురుచూడటమే. నీళ్లు తాగడానికి వచ్చిన జంతువు మూతి నీటికి ఆనగానే తోకతో ఒక్క ఊపు ఊపి పైకి లేస్తుంది. దూరం తక్కువ, సమయం తక్కువ. ఆ ఊపులో అందకపోతే గట్టు మీద వెంటపడటం చాలా అరుదు. ఎందుకంటే దాని కండరాలు ఆక్సిజన్ కోసం ఆగకుండా ఒక్కసారిగా శక్తి ఖర్చు చేసేసే రకం. కొద్దిసేపట్లో లాక్టిక్ ఆమ్లం నిండిపోతుంది, తేరుకోవడానికి గంటలు పడుతుంది. ఏనుగు కాలు పట్టుకుని ఏళ్ల తరబడి లాగిన మొసలి కథ మనందరికీ తెలుసు. కానీ నిజం మొసలి పెనుగులాట ఎంత త్వరగా ముగిస్తే దానికి అంత మంచిది.

ఇంకో చిత్రం చెబుతాను. ఈ బ్యాంకులోనే చెట్ల మీద కొంగలు గూళ్లు కడతాయి. మన సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో పక్షులు గూటి కోసం పుల్లలు ఏరుకోవడం చూసినవాళ్లకి ఆ సీజన్‌లో పుల్ల కోసం ఎంత పోటీనో తెలుసు. ఇక్కడి మగ్గర్లు మూతి మీద పుల్లలు పెట్టుకుని కదలకుండా తేలుతూ ఉండటం, పుల్ల కోసం వంగిన కొంగను పట్టడం వ్లదిమిర్ డినెట్స్ అనే పరిశోధకుడు గమనించి 2013లో రాశాడు. మొసలికి దగ్గరి చుట్టమైన అమెరికా ఎలిగేటర్లలో కూడా చూశానన్నాడు. తర్వాత వేరేవాళ్లు ఎలిగేటర్ల మీద పరీక్ష పెడితే, కొంగలున్న చోట పుల్లలు ఎక్కువగా మోస్తున్నట్టు తేలలేదు. కాబట్టి అది నిజంగా ఎర వేయడమా, తేలే పుల్ల మూతి మీద ఆగిపోవడమా అన్న వాదన ఇంకా తెగలేదు. మేం వెళ్లిన రోజు ఒక దాని మూతి మీద పుల్ల ఉంది. అరగంట నిలబడ్డాం. కొంగ రాలేదు.

ఇప్పుడు దవడ దగ్గరికి వద్దాం. గట్టు మీద పడుకున్నదాన్ని పక్కనుంచి చూడండి. దవడ వెనక, మెడ మొదట్లో రెండు వైపులా బుగ్గల్లా ఉబ్బెత్తుగా ఉంటుంది. చాలామంది అది కొవ్వు అనుకుంటారు. కాదు, కరిచే కండరం. కుక్కకి, పులికి కరిచే బలం చాలావరకు కణతల వైపు, తల పైభాగంలో ఉంటుంది. మొసలి తల నీటిలో దాగడానికి చదును కావాలి, అక్కడ పెద్ద కండరం పెట్టడానికి చోటు లేదు. అందుకే కండరం కిందికి, వెనక్కి చేరింది. దవడ కీలు కూడా పుర్రెకి బాగా చివరన ఉంటుంది కాబట్టి ఆ కండరం పెరగడానికి జాగా దొరికింది. నోటి పైకప్పు ఎముకతో గట్టిగా మూసుకుని ఉండటం వల్ల అంత ఒత్తిడికీ పుర్రె మెలితిరగదు.

ఎంత ఒత్తిడి అంటే, గ్రెగరీ ఎరిక్సన్ అనే శాస్త్రవేత్త బృందం అన్ని రకాల మొసళ్ల చేత కొలిచే పరికరాన్ని కరిపించి 2012లో లెక్కలు ఇచ్చింది. 4.59 మీటర్ల ఉప్పునీటి మొసలి వెనక పళ్ల దగ్గర 16,414 న్యూటన్లు వచ్చింది. అంటే సుమారు 1,670 కిలోల బరువు పెట్టినట్టు. రెండు చిన్న కార్లు ఒక పంటి మీద ఆగినట్టు ఊహించుకోండి. వాళ్లకి తేలిన ఇంకో సంగతి నాకు ఇంకా నచ్చింది. మూతి సన్నమా వెడల్పా అన్నది పెద్ద తేడా చేయదు, ఒంటి పరిమాణాన్ని బట్టే బలం పెరుగుతుంది. మూతి ఆకారం ఏం తింటుందో చెబుతుంది, ఎంత గట్టిగా కరుస్తుందో చెప్పదు.

ఇంత బలం ఉన్నా ఆ పళ్లు కోయలేవు. శంకు ఆకారంలో ఉంటాయి, గుచ్చి పట్టుకోవడానికే. నమలడం లేదు. చిన్నదైతే పూర్తిగా మింగేస్తుంది. పెద్దదైతే పట్టు వదలకుండా నీళ్లలో తన ఒంటి చుట్టూ తానే గిరగిరా తిరుగుతుంది, అప్పుడు ముక్క ఊడి వస్తుంది. పట్టుకున్నది తేలికైతే అది కూడా కలిసి తిరుగుతుంది, ఏమీ తెగదు.

దవడ మూసే కండరం ఇంత పెద్దదైతే, తెరిచే కండరం చాలా చిన్నది. అందుకే పట్టుకునేవాళ్లు మూతికి టేపు చుడితే చాలు, తెరవలేదు. ఇది విని ఎవరూ ప్రయోగం చేయొద్దు, తోక దెబ్బ వేరే ఉంది.

నోరు తెరిచి ఎండలో పడుకున్నది దొరికితే గొంతు దగ్గరికి చూడండి. నాలుక మొదట్లో అడ్డంగా ఒక మూత కనబడుతుంది. నీళ్లలో నోరు తెరిచినా నీరు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపేది అదే. మూత ఉంది కాబట్టే మింగాలంటే తల నీటి పైకి ఎత్తాలి. మేత వేసేటప్పుడు ఈ తల ఎత్తడం స్పష్టంగా కనబడుతుంది.

ఇక మా అత్తమ్మ ప్రశ్న. అదే నోటితో పిల్లను నలపకుండా ఎలా పట్టుకుంటుంది?

జవాబు దవడ అంచున ఉంది. బైనాక్యులర్ ఉంటే మూతి మీద చూడండి, నల్ల ఆవగింజల్లాంటి చుక్కలు వందల కొద్దీ కనబడతాయి. ప్రతి చుక్క కింద నరాల చివరలు ఉన్నాయి. చీకట్లో నీటి మీద చిన్న అల వచ్చినా వేట ఎటు ఉందో చెప్పేవి ఇవే. నైలు మొసలి మీద, ఎలిగేటర్ మీద చేసిన పరిశోధన 2012లో వచ్చింది. ఈ చుక్కలకి మన వేలి కొసల కంటే సున్నితమైన స్పర్శ ఉందని, అందులోనూ పళ్ల చుట్టూ ఉన్నవి మరీ సున్నితమని తేలింది. అంటే నోట్లో ఏముంది, ఎంత గట్టిగా నొక్కుతున్నాను అన్నది దానికి క్షణక్షణం తెలుస్తోంది. బలం ఎంత ఉందో దాన్ని ఆపుకునే జ్ఞానమూ అంత ఉంది.

మగ్గర్ తల్లి వేసవికి ముందు నీటి గట్టున గుంట తవ్వి గుడ్లు పెడుతుంది, మామూలుగా 25 నుంచి 30 దాకా. మట్టి కప్పి రెండు నెలల పాటు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఉడుములు, ముంగిసలు తవ్వుకుపోవడమే పెద్ద భయం. రోజులు నిండాక పిల్లలు గుడ్డు లోపలి నుంచే అరుస్తాయి. ఆ అరుపుకి రెండు పనులు ఉన్నాయని నైలు మొసళ్లకి రికార్డింగు వినిపించి కనుక్కున్నారు. పక్క గుడ్లలోని పిల్లలు కూడా కదిలి దాదాపు ఒకేసారి బయటికి వస్తాయి, తల్లి తవ్వడం మొదలుపెడుతుంది. గట్టిపడిన మట్టిని పిల్లలు సొంతంగా తోసుకు రాలేవు. తల్లి రాకపోతే అక్కడే ఆగిపోతాయి.

తవ్వాక ఒక్కొక్క పిల్లనూ మూతి చివరి పళ్ల మధ్య ఎత్తుకుంటుంది. నాలుకను కిందికి దించి సంచిలా చేసి అందులో వేసుకుంటుంది. పగలని గుడ్డు ఉంటే నాలుకకీ పైదవడకీ మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తూ పెంకు పగలగొడుతుంది. తర్వాత నీటి దగ్గరికి నడిచి, నోరు తెరిచి తల అటూ ఇటూ ఊపితే పిల్లలు ఈదుకుంటూ బయటికి వస్తాయి. వాట్సాప్ క్లిప్ ఆపేసింది సరిగ్గా దీనికి ముందు.

ఈ బ్యాంకుకే చెందిన ఒక సంగతి ఉంది. ఇక్కడ జెఫ్రీ లాంగ్, రోములస్ విటేకర్, హ్యారీ ఆండ్రూస్ అనే పరిశోధకులు చూసి 1986లో ప్రచురించారు: మగ మగ్గర్ కూడా గూడు తవ్వి పిల్లల్ని నోట్లో పెట్టుకుని నీటికి చేర్చింది. ఇది చెప్పగానే మా అత్తమ్మ ఆ మడుగులో పెద్ద మొసలి వైపు చాలాసేపు చూసి, "నాన్న కూడానా" అన్నారు.

ఇవన్నీ మీకు కళ్లతో కనబడతాయని నేను చెప్పను. గూడు తెరవడం ఎక్కువగా రాత్రిపూట జరుగుతుంది, గేటు మూశాక. పగలు జరిగేది ఆ తర్వాతి భాగం. వేసవి చివర్లో నీటి అంచున జానెడు పొడుగు పిల్లలు గుంపుగా, కొన్ని పెద్దదాని తల మీద కూడా ఎక్కి ఉంటాయి. కొన్ని రోజులు కడుపులో మిగిలిన పచ్చసొనతో బతికి, తర్వాత పురుగులు, చిన్న చేపలు పట్టడం మొదలుపెడతాయి. కొంగలు, తాబేళ్లు, పెద్ద చేపలు, వేరే మొసళ్లు అన్నీ వాటిని తినేవే. తల్లి వారాల నుంచి నెలల దాకా కాపలా ఉన్నా, పెద్దయ్యేవి చాలా కొద్ది.

పిల్లలు, పెద్దవాళ్లు, అందరూ వెళ్లొచ్చు. ఎండ ఎక్కకముందే వెళ్లండి, టోపీ, నీళ్ల సీసా తప్పదు. రాళ్లు, సీసాలు విసిరి కదిలించాలని చూడొద్దు. మా ముందు ఒక కుర్రాడు మట్టిగడ్డ విసిరితే, వాళ్ల అమ్మ చేయి పట్టుకుని ఆపింది. ఆ గట్టు మీద కదలకుండా పడుకున్నది గూడు కాపలా కాస్తూ ఉండొచ్చు. మడుగు పక్కన నిలబడినప్పుడు సన్నగా, కప్పపిల్ల అరుపులా "క్వప్, క్వప్" అని వినబడితే అడుగు ముందుకు వేయకండి. ఆ చప్పుడు ఎటునుంచి వస్తోందో చూసి, దాని చుట్టూ నీటిపైన రెండు కళ్లు ఎక్కడున్నాయో వెతకండి.