నూనె పొగను నమ్ముకోవద్దు

వేదిక మీది పెద్దలకు, పొదుపు సంఘాల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. అనంతపురంలో టిఫిన్ బండి పెట్టుకోబోయేవాళ్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. లోన్లు, లెక్కలు చెప్పేవాళ్లు నా తర్వాత ఉన్నారు. నేను నూనె కాగడం గురించే మాట్లాడతాను. ఉగ్గాని ఎంత బాగున్నా, పక్కన పెట్టిన బజ్జీ నూనె కారుతుంటే గిరాకీ మళ్లీ రాదు.

ముందు ఒక సంగతి చెప్పాలి. మా బంధువుల పెళ్లిలో వంటమేస్త్రీ నూనె పొగలు కక్కేదాకా ఆగి బజ్జీలు వేయించాడు. పైన మాడినాయి, లోపల పిండి పచ్చిగా ఉంది. అందరూ పిండి కలిపిన ఆమెను పట్టుకున్నారు, పిండి జారైందని, ఉప్పు తక్కువైందని. ఆమె కలిపిన పిండిలో ఏ దోషమూ లేదు. ఆ మాట ఆ రోజు ఎవరూ అనలేదు. నాకు ఇప్పటికీ కోపమే. తప్పు నూనెలో ఉంటే తిట్లు పిండి కలిపినవాళ్లకు పడతాయి. మన ఇళ్లలోనూ ఇదే కదమ్మా?

పొగను ఎందుకు నమ్మకూడదో చూడండి. గానుగ శనగనూనె దాదాపు 160 డిగ్రీలకే పొగ మొదలుపెడుతుంది. రిఫైన్డ్ శనగనూనె 230 దాకా పొగ రానివ్వదు. బజ్జీకి, పకోడీకి కావాల్సింది 170, 180 మధ్య. పూరీకి 190 దగ్గర. అంటే గానుగ నూనెలో పొగ వచ్చినప్పుడు వేడి ఇంకా చాలదు, రిఫైన్డ్‌లో పొగ వచ్చేసరికి వేడి ఎప్పుడో దాటిపోయింది. ఒకే గుర్తు రెండు నూనెల్లో రెండు రకాలుగా మోసం చేస్తుంది. అందుకే నా మాట వినండి, గానుగ నూనెను తాలింపులకు, ఊరగాయలకు ఉంచుకోండి. బాణలికి రిఫైన్డ్ వాడండి.

మరి థర్మామీటర్ లేకుండా ఎలా తెలుస్తుంది? మీరు వేయబోయే పిండినే అడగండి. శనగపిండి చుక్క ఒకటి, శనగగింజంత, బాణలి మధ్యలో వదలండి. అది అడుగుకు పోయి అక్కడే కాసేపు ఉండి నిదానంగా లేస్తే, ఇంకా ఆగాలి. సగం లోతుకు పోయి, చుట్టూ బుడగలతో పైకి వస్తే బజ్జీకి సరైన వేడి. మునగకుండా పైనే చిటపటలాడి వెంటనే రంగు తిరిగితే మంట తగ్గించి ఆగండి. పూరీకైతే పూరీ పిండి ముక్కే వేయండి. అది మునిగీ మునగకముందే పైకి తేలాలి.

పూరీకి అంత వేడి ఎందుకంటే, లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై పొరను పైకి లేపాలి. వేడి తక్కువైతే పొర గట్టిపడకముందే ఆవిరి కొద్దికొద్దిగా జారిపోతుంది, పూరీ పొంగకుండా నూనె పీలుస్తుంది.

నీళ్లు చల్లి చూసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. నీటి చుక్క నూనె కింద ఆవిరై నూనెను ముఖం మీదికి ఎగరేస్తుంది.

ఇక అసలు చిక్కు. చుక్క పరీక్ష సరిగ్గా వచ్చిందని లీటరు నూనెలో ఒకేసారి పన్నెండు మిరపకాయ బజ్జీలు వేస్తారు. చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోతుంది, బుడగలు నీరసిస్తాయి. చల్లటి పిండి వేడినంతా లాగేసుకుందన్నమాట. ఇప్పుడు మంట పెంచితే ఆ వాయి అయ్యేసరికి నూనె మితిమీరి కాగుతుంది, తర్వాతి వాయి మాడుతుంది. అయిదారు వేయండి. చప్పుడు నిలకడగా వినిపిస్తూ ఉండాలి. బుడగలు సన్నబడి, శబ్దం తగ్గి, రంగు వచ్చాక తీయండి. అప్పటికి పిండిలో తడి చాలావరకు పోయిందని అర్థం. ప్రతి వాయికీ ముందు మళ్లీ ఒక చుక్క వేసి చూడండి. బేరం జోరుగా ఉన్నప్పుడు ఆ చుక్క వేయడానికే ఓపిక ఉండదు, టెన్షన్‌లో చేయి ముందుకు పోతుంది. అక్కడే ఆగాలి.

ఇంకొకటి. బజ్జీ పీల్చే నూనెలో ఎక్కువ భాగం దాన్ని బయటికి తీసిన తర్వాతే లోపలికి పోతుంది. చల్లారుతుంటే లోపలి ఆవిరి కుంచించుకుపోయి పైనున్న నూనెను లాక్కుంటుంది. కాబట్టి చిల్లుల గరిటెతో తీసిన వెంటనే రెండుసార్లు విదిలించి, జల్లెడ మీద వేయండి. గిన్నెలో కుప్ప పోయొద్దు.

నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతుంటే ఇక ఏ పరీక్షా పనిచేయదు. ఆ నూనె పారబోయాల్సిందే. మొదట్లో నష్టమనిపిస్తుంది, కానీ కొత్త నూనె కలిపి లాగితే అదీ తొందరగా చెడుతుంది.

పొయ్యి, బాణలి, కలిపిన పిండి ఇక్కడే ఉన్నాయి. ముందు వరసలో అక్కా, మీరు రండి. చుక్క మీరే వేయండి, ఎప్పుడు బజ్జీ వేయాలో కూడా మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతాను.